నివాసం ఉంటూనే ఇంటి పాత ఇనుప నీటి గొట్టాలను మార్చే విధానం
(నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బెంగళూరులోని పాత పేటలలో ఐదు దశాబ్దాల క్రితం కట్టిన ఇళ్ళలో ఇప్పటికీ గోడల లోపల జీ.ఐ. పైపులే ఉన్నాయి. ఇనుప గొట్టానికి తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీది పలుచని జింకు పూత మాత్రమే. కాలక్రమాన ఆ పూత నీటిలో కరిగిపోయిన తరువాత లోపలి ఇనుము తుప్పుపట్టి, ఆ తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకొంటుంది. బోరునీరు వాడే ఇళ్ళలో దానికి సున్నపు పొర కూడా తోడవుతుంది. వెలుపల గట్టిగా కనిపించే అర అంగుళం గొట్టంలో చివరకు పెన్సిలు పట్టేంత దారి మాత్రమే మిగలవచ్చు.

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకొందాం. అది ఒకే అంతస్తు ఇల్లు. ఐదుగురు నివాసులు, వారిలో ఒకరు మంచం దిగలేని వృద్ధురాలు. వంటగది, రెండు స్నానాల గదులు, పెరటిలో బట్టలుతికే రాతి దగ్గర ఒక కొళాయి ఉన్నాయి. కావేరి నీరు నేలలోని సంపులో చేరుతుంది. అక్కడి నుంచి మోటారు మిద్దె మీది వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కిస్తుంది. పెరటి కొళాయి కింద పదిహేను లీటర్ల బకెట్టు ఒక నిమిషంలో నిండుతుంది. వంటగదిలో అదే బకెట్టుకు నాలుగు నిమిషాలు పడుతున్నది. ఉదయం మొదట వచ్చే నీరు ఎర్రగా ఉంటున్నది. ఈ రెండు గుర్తులూ కలిసి కనిపిస్తే కొళాయిని మార్చినందువలన ప్రయోజనం లేదు, దోషం గొట్టంలోనే ఉంది.

ఇటువంటి ఇంట్లో సాధారణంగా జరిగే పని ఏమిటంటే, ఉదయం ట్యాంకు వాల్వు కట్టివేసి, పాత గొట్టాన్ని కోసి, అదే దారిలో కొత్తది బిగించడం మొదలుపెడతారు. మధ్యాహ్నానికి గోడలోని ఒక పాత ఎల్బో విరుగుతుంది. సాయంత్రానికి ఇంట్లో చుక్క నీరు ఉండదు. ఇంటివారు నీళ్ళు ఎప్పుడు వస్తాయని అడుగుతూ ఉంటారు. ఆ తొందరలో అతికించిన జాయింట్లే తరువాత కారుతాయి. కనుక నివాసం ఉన్న ఇంటికి తగిన విధానం వేరు. పాత లైనును అలాగే నడవనిచ్చి, దానికి సమాంతరంగా కొత్త లైనును పూర్తిగా వేసి, పరీక్షించి, ఆ తరువాత ఒక్కొక్క గదిని దాని మీదికి మార్చాలి. అప్పుడు ఏ గదికైనా నీరు ఆగేది కొన్ని గంటలే.

అయితే గొట్టాన్ని ముట్టుకొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసి ఉంటుంది. ఇది వినడానికి వింతగా తోచవచ్చు. పాత ఇళ్ళలో చాలా చోట్ల విద్యుత్ ఎర్తు తీగను స్నానాల గదిలోనో వంటగదిలోనో నీటి గొట్టానికి చుట్టి వదిలేశారు. ఆ గొట్టం గోడ వెంబడి నేలలోకి దిగుతుంది కనుక అదే ఎర్తుగా పనిచేస్తూ వచ్చింది. ప్లాస్టిక్ గొట్టం విద్యుత్తును మోయదు. మధ్యలో ఒక్క మూర ప్లాస్టిక్ పడినా ఆ ఎర్తు తెగిపోతుంది. ఆపైన గీజరు లోపలి కాయిలు చెడి దాని లోహపు పెట్టెకు కరెంటు తగిలితే, ఫ్యూజు పోదు, దీపాలు ఆరవు, బయటికి ఏ గుర్తూ కనిపించదు. తడి చేతితో తాకిన మనిషి శరీరమే ఎర్తు అవుతుంది. పని జరుగుతున్న సమయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. లోపమున్న ఇంట్లో గొట్టాన్ని కోసి రెండు కొనలనూ రెండు చేతులతో పట్టుకొన్న ప్లంబరు ఆ విద్యుత్తుకు దారి అవుతాడు.

కాబట్టి మొదటి రోజు పని ఇదే. మీటరు బోర్డు నుంచి ఎర్తు తీగ ఎక్కడికి పోతున్నదో ఎలక్ట్రీషియన్ వెతకాలి. అది నీటి గొట్టానికి చేరి ఉంటే, ఇంటి పక్కన ప్రత్యేకమైన ఎర్తు గుంట తీయించి, అందులో ఎలక్ట్రోడు పాతించి, అక్కడి నుంచి బోర్డుకు కొత్త తీగ వేయించాలి. గుంట పని అయ్యాక దాని నిరోధాన్ని ఎర్తు టెస్టరుతో కొలవాలి. బల్బు వెలిగించి చూసి సరిపోయిందనడం చాలదు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సీ.సీ.బీ. లేకపోతే దానినీ ఇప్పుడే పెట్టించాలి. ఇవన్నీ పూర్తయిన తరువాతనే పాత గొట్టం మీద రంపం పెట్టాలి.

రెండవ రోజు కాగితం మీద ఇంటి నీటి పటం గీయాలి. ఒక్కొక్క వాల్వును కట్టి ఏ కొళాయి ఆగుతున్నదో చూస్తే ఏ గొట్టం ఎటు పోతున్నదో తెలిసిపోతుంది. యజమాని తెలుగువారు, ప్లంబరు కన్నడిగుడు, సహాయకుడు ఒడిశా నుంచి వచ్చినవాడు అయ్యే ఈ నగరంలో మాటలకంటె ఈ పటమే ఎక్కువ పని చేస్తుంది. వీధి లైను నుంచి మీటరు వరకు ఉన్న భాగాన్ని ఈ పటంలో వేరుగా గుర్తించాలి. దాని జోలికి ఇంటివారు పోరాదు, అది జలమండలి అనుమతి పొందిన ప్లంబరు చేయవలసిన పని.

ఇక గొట్టపు కొలత. చాలామంది మోసపోయేది ఇక్కడే. వేడినీటికీ చన్నీటికీ రెంటికీ పనికివచ్చే సీపీవీసీ గొట్టం ఈ పనికి తగినది. మామూలు యూపీవీసీ గీజరు వేడికి మెత్తబడి వంగుతుంది. కాని అర అంగుళం జీ.ఐ. గొట్టం లోపలి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు కాగా, అర అంగుళం సీపీవీసీ లోపలి వెడల్పు సుమారు 12.5 మిల్లీమీటర్లే. పేరు ఒకటే, నీరు పారే దారి మాత్రం మూడింట రెండు వంతులకంటె తక్కువ. మోటారు ఒత్తిడితో నడిచే లైనులో దీనిని సర్దుకోవచ్చు. ఈ ఇంట్లో ట్యాంకు అడుగు వంటగది కొళాయికి పన్నెండు అడుగుల పైన మాత్రమే ఉంది, అంటే అందే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలోలో మూడవ వంతు. ఇక్కడ పాత కొలతనే కొంటే, కొత్త గొట్టం వేసినా నీరు ఆశించినంత రాదు. అందుచేత ప్రతి చోటా ఒక మెట్టు పెద్దది తీసుకోవాలి. ట్యాంకు నుంచి దిగే అంగుళం గొట్టానికి బదులు అంగుళంపావు, గదులకు పోయే ముప్పాతిక అంగుళానికి బదులు అంగుళం, కొళాయి దగ్గరి చివరి మూర వరకు ముప్పాతిక.

కొత్త లైను ట్యాంకుకు కొత్త రంధ్రంతో మొదలవుతుంది. ట్యాంకులో నీరు తగ్గిన వేళ, పాత రంధ్రానికి దూరంగా, అడుగుకు నాలుగు వేళ్ళ ఎత్తున రంధ్రం చేసి కనెక్టరు, దానికి సొంత వాల్వు బిగించాలి. ఇంతవరకు నీరు ఆగేది ఒక పూట. అక్కడి నుంచి గొట్టాన్ని వెలుపలి గోడ మీదుగా దింపి, ప్రతి గది దగ్గరా గోడకు బెజ్జం చేసి లోపలికి తేవడం మేలు. గోడను చీల్చి పూడ్చనవసరం లేదు, రేపు కారినా కంటికి కనిపిస్తుంది. అయితే ఎండకు సీపీవీసీ పెళుసెక్కుతుంది కనుక నీటితో కలిపే అక్రిలిక్ రంగు పూయించాలి. ఎండ వేడికి అది సాగుతుంది కూడా. పది మీటర్ల నిడివి ముప్పై డిగ్రీల మార్పుకు దాదాపు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. క్లాంపులు గొట్టాన్ని పట్టుకోవాలి కాని బిగించి కట్టరాదు. పొడవైన వరుసలో ఒకచోట మలుపు వదలాలి.

అతికించే పనిలో మెలకువ ఎక్కువ లేదు, ఓపిక కావాలి. గొట్టాన్ని నిటారుగా కోయాలి, లోపలి పొట్టు గీకివేయాలి, పొడిగుడ్డతో తుడవాలి. సాల్వెంట్ సిమెంటు గొట్టానికి నిండుగా, ఫిట్టింగు లోపల పలుచగా రాసి, పావు చుట్టు తిప్పుతూ పూర్తిగా దోపి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఫిట్టింగు లోపల సిమెంటు మడుగు కట్టితే అక్కడ గొట్టం గోడ మెత్తబడి కొన్నాళ్ళకు చీలుతుంది. పాత లైను నడుస్తూనే ఉన్నది కనుక ఈ జాయింట్లను ఒక పూర్తి రోజు ఆరనివ్వవచ్చు. సమాంతరపు లైను వలన కలిగే అసలు లాభం ఇదే.

తరువాత అన్ని కొనలకూ మూతలు పెట్టి నీరు నింపి, గాలి పూర్తిగా పోయాక, ప్లంబరు చేతిపంపుతో ట్యాంకు ఒత్తిడికి ఎన్నో రెట్లు, గొట్టం తట్టుకొనే పరిమితికి లోబడి, ఎక్కించాలి. ముల్లు ఒక గంట కదలకుండా నిలిస్తే లైను సిద్ధం. ట్యాంకు నీటితో మాత్రమే పరీక్షిస్తే సన్నని చెమ్మ బయటపడదు. గాలి కంప్రెసరుతో పరీక్షించడం మాత్రం ఎన్నడూ తగదు. గాలితో పగిలిన ప్లాస్టిక్ ముక్కలు కత్తుల వలె ఎగురుతాయి.

ఇక గదుల మార్పిడి. పెరటి కొళాయితో మొదలుపెడితే పొరపాటు జరిగినా ఇల్లు ఆగదు. తరువాత రోజుకొక గది. వృద్ధురాలు వాడే స్నానాల గదిని ఉదయపు పనులు ముగిశాక, రెండవ స్నానాల గది సిద్ధమైన తరువాతనే తీసుకోవాలి. వంటగది మధ్యాహ్న భోజనం అయ్యాక. గోడలోని పాత ఎల్బోను విప్పే ప్రయత్నం చేయరాదు. పానా వేసి తిప్పితే విరిగేది కనిపించే చోట కాదు, నాలుగడుగుల లోపల. పాత కొళాయిని తీసి ఆ నోటికి ఇనుప ప్లగ్గు పెట్టి, ఒక జానెడు పక్కన ఇత్తడి మరలున్న కొత్త ఎల్బో బిగించాలి. ఆ మరలకు టెఫ్లాన్ టేపు చాలు. పాత అలవాటు చొప్పున జనపనార, పెయింటు పూస్తే నూనె ప్లాస్టిక్కును తినివేస్తుంది. కొళాయి పెట్టే ముందు లైనును ఐదు నిమిషాలు పారనిచ్చి ప్లాస్టిక్ పొట్టు బయటికి పోనివ్వాలి. మొదటి రోజు నీరు తాగడానికి కాక గిన్నెలు కడగడానికి వాడుకొంటే సిమెంటు వాసన కూడా పోతుంది.

గీజరు ఉన్న గది మారే రోజున మెయిను స్విచ్చు ఆపి పని చేయాలి. గీజరు నోటికి సీపీవీసీని నేరుగా బిగించక, మధ్యలో లోహపు గొట్టం ఉంచాలి. వేడినీటి కొళాయి నుంచి నిండుగా నీరు వచ్చిన తరువాతనే స్విచ్చు వేయాలి, ఖాళీ గీజరులో కాయిలు నిమిషాలలో కాలిపోతుంది.

రెండు వారాలు కొత్త లైను కారకుండా నడిచినట్లు చూసి, అప్పుడు పాత లైనును ట్యాంకు దగ్గర విడదీసి, నీరు వంపి, ఆ రంధ్రానికి మూత వేయాలి. గోడలోని పాత గొట్టాలు అక్కడే ఉండవచ్చు. బయట కనిపించేవి మాత్రం కోసి పాత ఇనుము కొనేవారికి ఇవ్వవచ్చు. ఆ కోతకు ముందు ఎలక్ట్రీషియన్ మరొకసారి వచ్చి, ఏ ఎర్తు తీగా పాత గొట్టానికి ఇంకా చుట్టి లేదని గదిగదికీ చూసి పోవాలి.