సబ్సిడీ ఏ ముడి దగ్గర తెగింది?
(నిజామాబాద్ పట్టణంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్యాస్ సబ్సిడీ గురించి మాట్లాడమన్నారు. పథకం మంచిదా చెడ్డదా అనే చర్చకు ఈ రోజు పోవడం లేదు. మంజూరైన డబ్బు ఒక ఆడమనిషి ఖాతాలో ఎందుకు పడదు, పడకపోతే ఎవరికి ఏమని రాయాలి అన్నంత వరకే చెబుతాను.

రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న అయిదు వందలకే సిలిండర్ పథకాన్ని ప్రారంభించింది. అయితే ఇంటికొచ్చిన సిలిండర్‌కు అయిదు వందలు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ముందు పూర్తి ధర కట్టాలి. పైన కట్టిన డబ్బు తరువాత బ్యాంకు ఖాతాలోకి రావాలి. అంటే సర్కారు వాగ్దానానికి పెట్టుబడి ముందుగా మనమే పెడుతున్నాం. బీడీలు చుట్టుకుని బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు. అందుకే ఆ డబ్బు ఆగితే ఊరుకోకూడదు.

బోధన్ వైపు ఒక పల్లెలో బీడీలు చుట్టే ఒక అక్క సంగతి చెబుతాను. ఆ చుట్టుపక్కల కుటుంబాలకు ఒకప్పుడు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోసే చెరుకే ఆధారం. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. చెరుకు డబ్బుల కాలంలో తెరిచిన ఖాతాలు చాలా ఇళ్ళలో పాత పాసుబుక్కులుగా మిగిలిపోయాయి. ఈ అక్కకూ అలాంటి ఖాతా ఒకటుంది. పొదుపు సంఘంలో చేరాక ఇంకో బ్యాంకులో సొంత ఖాతా తెరిచింది. ఇప్పుడు వాడుతున్నది అదే.

మూడు సిలిండర్లు తీసుకుంది. ఒక్కదానికీ సబ్సిడీ పడలేదు. డీలరు దగ్గరకు పోతే "మా దగ్గర అంతా సరిగానే ఉంది, బ్యాంకుకు పో" అన్నారు. బ్యాంకులో "ఆధార్ లింకై ఉంది, గ్యాస్ వాళ్ళను అడుగు" అన్నారు. ఆమె పాసుబుక్కు నా ముందు పెట్టి, "ఆధార్ జిరాక్స్ ఇచ్చిన, ఏలుముద్ర పెట్టిన, ఇంకేం లింకు గావాలె?" అని అడిగింది.

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. లింకు అనే ఒక్క మాటను రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. మొదటిది, ఖాతాదారు ఎవరో రుజువు చేసుకోవడానికి బ్యాంకు ఆధార్ నంబరు రాసుకోవడం. ఇది ఆ బ్యాంకు పుస్తకాల్లోనే ఉంటుంది. రెండోది, ఈ ఆధార్ నంబరు మీద వచ్చే సర్కారు డబ్బు ఫలానా బ్యాంకుకు పంపాలని జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ, దగ్గరున్న పట్టికలో నమోదు చేయించడం. దీన్నే సీడింగ్ అంటారు. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు ఖాతా నంబరు చూసి రాదు. ముందు ఈ పట్టికను చూసి బ్యాంకుకు చేరుతుంది, ఆ బ్యాంకు తన ఖాతాదారు ఖాతాలో వేస్తుంది.

ఆ పట్టికలో ఒక ఆధార్ నంబరుకు ఒకే బ్యాంకు ఉంటుంది. మీకు నాలుగు ఖాతాలుండి నాలుగింటికీ ఆధార్ ఇచ్చినా, డబ్బు వెళ్ళేది చివరిసారిగా సీడింగ్ జరిగిన బ్యాంకుకే. కొత్త సీడింగ్ వస్తే పాతది పోతుంది. ఈ మార్పు మనకు తెలియకుండా జరిగితే ఏమవుతుందో 2017లో దేశమంతా చూసింది. సిమ్ కార్డుకు ఆధార్ ధ్రువీకరణ చేయించుకోవడానికి పోయినవాళ్ళ పేర ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయని, గ్యాస్ సబ్సిడీ వాటిలోకి పోయిందని ఫిర్యాదులొచ్చాయి. ఆ డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ ఆ కంపెనీ ఈ-కేవైసీ అనుమతిని నిలిపివేసింది. సమ్మతి లేని సంతకం, ఏలుముద్ర ఎంత దూరం పోతాయో అందులో ఉంది.

మరి ముడి ఎక్కడ తెగిందో తెలుసుకునేదెలా? `myaadhaar.uidai.gov.in` లో `Bank Seeding Status` అని ఒకటుంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోనుకు వచ్చే ఓటీపీతో తెరిస్తే ఏ బ్యాంకు పేరు నమోదై ఉందో, అది `Active` గా ఉందో లేదో, ఏ తేదీన నమోదైందో కనబడుతుంది. ఖాతా నంబరు మాత్రం కనబడదు. మన అక్క విషయంలో అక్కడ కనబడింది చెరుకు కాలం నాటి బ్యాంకు పేరు. అక్కడి ఖాతా ఏనాడో మూసేశారు. డబ్బు పోయి తిరిగి వస్తున్నది. డీలరు చెప్పింది నిజమే, బ్యాంకు చెప్పిందీ నిజమే. అయినా డబ్బు పడలేదు.

అందుకే "నా సబ్సిడీ పడలేదు" అని రాస్తే పని కాదు. ఏం చేయాలో రాయాలి. ఆమె చేత రాయించిన ఉత్తరం ఇది:

"బ్రాంచి మేనేజర్ గారికి,
విషయం: నా ఖాతాను ఎన్‌పీసీఐ పట్టికలో నమోదు చేయుట గురించి.
అయ్యా, మీ శాఖలో నాకు పొదుపు ఖాతా ఉన్నది (నంబరు...). దీనికి ఆధార్ ఇచ్చి ఉన్నాను. కాని సర్కారు డబ్బు కొరకు పట్టికలో ఫలానా బ్యాంకు పేరు ఉన్నట్లు ఫలానా తేదీన చూసితిని. ఆ బ్యాంకు నుండి మార్చి, నా ఆధార్‌ను మీ బ్యాంకులోని పై ఖాతాకు సీడింగ్ చేయవలసినదిగా నా ఇష్టపూర్వకంగా సమ్మతి తెలియజేయుచున్నాను. సీడింగ్ చేసిన తేదీ నాకు తెలుపగలరు. ఆధార్, పాసుబుక్కు నకళ్ళు జతచేసితిని."

ఇందులో రెండు మాటలు వదలకూడదు. ఒకటి పాత బ్యాంకు పేరు. ఇది కొత్త నమోదు కాదు, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్పు అని గుమాస్తాకు తెలియాలి. బ్యాంకు ఫారం ఇస్తే అందులోనూ ఆ గడినే నింపాలి. రెండోది సమ్మతి. అది లేకుండా బ్యాంకు సీడింగ్ చేయకూడదు. ఇచ్చే ఖాతా ఆమె సొంతదై ఉండాలి, సంఘం ఖాతా పనికిరాదు. ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని ఉత్తరం ఇచ్చినట్టే కాదు.

కొన్నాళ్ళ తరువాత మళ్ళీ అక్కడే చూడాలి. కొత్త బ్యాంకు పేరు, `Active` అన్న మాట కనబడితేనే పని అయినట్టు. పాత సిలిండర్ల డబ్బు తనంతట తానే వస్తుందని కూర్చోవద్దు. గ్యాస్ డీలరుకు రెండో ఉత్తరం రాయాలి: ఫలానా తేదీల్లో తీసుకున్న మూడు సిలిండర్ల సబ్సిడీ తిరిగిపోయింది, ఫలానా తేదీన సీడింగ్ సరిచేయించుకున్నాను, మళ్ళీ పంపండి అని. రసీదులు జతచేయాలి. ఇందుకే సిలిండర్ రసీదులు పొయ్యిలో వేయవద్దని చెబుతుంటాను. గ్యాస్ కంపెనీల ఫిర్యాదు నంబరు 1800-2333-555.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. `cms.rbi.org.in` లో రాయవచ్చు, 14448 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. అప్పుడు మీ చేతిలో ఉండవలసింది ఆ ముద్ర వేసిన ప్రతి.

చివరిగా ఒక సంగతి. పైన చెప్పిందంతా గ్యాస్ కనెక్షన్ ఆమె పేర, ఆమె ఆధార్ మీద ఉన్నప్పటి మాట. కనెక్షన్ భర్త పేర ఉంటే సబ్సిడీ ఆయన ఖాతాలోకే పోతుంది. ఎన్ని ఉత్తరాలు రాసినా ఈమె పాసుబుక్కులో పడదు. వంట చేసేది ఆమె, చాలా ఇళ్ళలో బీడీల కూలితో సిలిండర్‌కు డబ్బు కట్టేదీ ఆమె. కాబట్టి మీ దగ్గరకు ఎవరైనా "సబ్సిడీ పడలేదక్కా" అని వస్తే, బ్యాంకు సంగతి తరువాత, ముందు గ్యాస్ బుక్కు తెరిచి అందులో ఎవరి పేరు ఉందో చూడండి.