మందు ఒకటే, గది వేరు

 

ఎల్‌ఎస్‌డి, సిలోసైబిన్ వంటి సైకెడెలిక్ ద్రవ్యాల మీద ఈ సదస్సులో వచ్చే పత్రాల్లో మోతాదుల గురించీ మెదడులోని గ్రాహకాల గురించీ చాలా వింటాం. నేను మాత్రం ఒక్క విషయం మీదే నిలబడతాను. తీసుకున్న మనిషి మనసు ఆ వేళ ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, గది ఎలా ఉంది అన్నవి మందు చుట్టూ ఉండే అలంకారాలు కావు. అవి ఆ మందు చేసే పనిలో భాగం. ‘సెట్ అండ్ సెట్టింగ్’ అన్న జంట మాటను 1960లలో హార్వర్డ్‌లోని తిమోతీ లియరీ బృందం ప్రచారంలోకి తెచ్చింది. మనం దాన్ని మనఃస్థితి, పరిసరం అందాం. అయితే ఈ పాఠం అంతకు ముందే కెనడాలో, సస్కాచెవాన్ రాష్ట్రంలోని మద్యవ్యసన చికిత్సలో బయటపడింది.

వేబర్న్ మానసిక ఆసుపత్రిలో హంఫ్రీ ఆస్మండ్, సస్కటూన్‌లో ఏబ్రమ్ హాఫర్ 1950లలో ఒక ఊహతో మొదలుపెట్టారు. తాగుడు ముదిరినవాళ్లకు మానేసే దశలో సన్నిపాతం లాంటి స్థితి వస్తుంది. వణుకు, భయంకరమైన భ్రమలు కలుగుతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ నరకం చూసి బతికి బయటపడ్డ కొందరు మళ్లీ గ్లాసు ముట్టరు. ఎల్‌ఎస్‌డితో అలాంటి భయాన్ని ప్రమాదం లేకుండా కలిగిస్తే తాగుడు మానతారేమో అన్నది వాళ్ల ఆలోచన. రోగుల దగ్గర కూర్చుని చూస్తే సంగతి వేరుగా తేలింది. హడలిపోయినవాళ్ల కంటే, తమ బతుకును తేటగా చూసుకున్నామని చెప్పినవాళ్లే ఎక్కువగా మారారు. దాంతో ఆ వైద్యులు ఊహను వదిలి గదిని మార్చారు.

వైద్యుడు కాని ఆల్ హబ్బర్డ్ అనే వ్యాపారి సంగీతం, చిత్రాలు, పూలతో గదిని సిద్ధం చేసే పద్ధతిని వాళ్లకు చూపించాడు. ఆ రాష్ట్రంలోనే పనిచేసిన డంకన్ బ్లూయెట్, నికొలస్ చ్వెలోస్ 1959లో ఈ అనుభవాలను ఒక కరదీపికగా కూర్చారు. రోగి ముందుగా తన జీవితకథ చెప్పుకుంటాడు, వైద్యుడితో నమ్మకం కుదురుతుంది. ఆ రోజున ఆసుపత్రి వార్డులా కనిపించని నిశ్శబ్దమైన గదిలో అతడిని ఉంచుతారు. రికార్డు ప్లేయరు, పూలు, ఇంటివాళ్ల ఫొటోలు అందుబాటులో ఉంటాయి. మందు ప్రభావం ఎనిమిది గంటలు దాటి సాగుతుంది కాబట్టి, తోడున్నవాళ్లు రోజంతా కదలరు. ఆ మందు తామే ఒకసారి తీసుకున్నవాళ్లు తోడుండటం మేలని కూడా బ్లూయెట్, చ్వెలోస్ భావించారు. రోగి ఏ మలుపులో బెదురుతాడో అలాంటి తోడుకు ముందే తెలుస్తుందని వాళ్ల ఉద్దేశం.

1958లో కోలిన్ స్మిత్ అక్కడి 24 మంది రోగుల ఫలితాలు ప్రకటించాడు. ఆరుగురు బాగా మెరుగుపడ్డారు, ఆరుగురు కొంత మెరుగుపడ్డారు, పన్నెండుమందిలో మార్పు లేదు. ఏళ్ల తరబడి తాగి ఇతర చికిత్సలకు లొంగని రోగులలో సగంమంది మెరుగుపడటం ఆశ కలిగించింది. కానీ పోల్చి చూడటానికి మందు తీసుకోని వర్గమంటూ లేదు.

ఆ లోటును టొరంటోలోని వ్యసన పరిశోధన సంస్థ పట్టుకుంది. రెజినాల్డ్ స్మార్ట్, టామస్ స్టార్మ్, వాళ్ల సహచరులు 30 మంది రోగులను మూడు వర్గాలు చేశారు. పదిమందికి 800 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డి, పదిమందికి ఎఫెడ్రిన్ ఇచ్చారు, మిగిలిన పదిమందికి మామూలు చికిత్స చేశారు. ఏం ఇస్తున్నారో రోగికి చెప్పలేదు. ఎల్‌ఎస్‌డి ఇచ్చిన రోగిని బెల్టుతో మంచానికి కట్టి, మనోవైద్యుడు ప్రశ్నలు అడిగాడు. 1966లో ఫలితం వచ్చింది. మూడు వర్గాలూ కొంత మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు.

ఆ మంచం మీద ఏం జరుగుతుందో ఆలోచించండి. ఎల్‌ఎస్‌డితో గుండె వేగం, రక్తపోటు కొంత పెరుగుతాయి, గది రూపం మారుతుంది. ఇలా జరుగుతుందని ముందే తెలిసినవాడు దాన్ని మందు పనిగా గుర్తిస్తాడు. తెలియనివాడు ప్రాణం పోతోందనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగం అందుకుంటుంది, అది చూసి భయం రెట్టింపవుతుంది. లేవబోతే బెల్టు ఆపుతుంది. ఈ స్థితి ముదురుతోందని తెలిపే గుర్తులున్నాయి. ఇది ఎప్పుడు తగ్గుతుందని పదేపదే అడగడం, తలుపు వైపే చూడటం, తోడున్నవాళ్లనే అనుమానించడం వాటిలో కొన్ని. అప్పుడు చేయవలసినది ప్రశ్నలు ఆపి, చేయి పట్టుకుని, ఇది మందు ప్రభావం, తగ్గిపోతుంది, నేను ఇక్కడే ఉంటాను అని నెమ్మదిగా చెప్పడం.

మంచి గది భయాన్ని పూర్తిగా రానివ్వదని అనుకోకూడదు. 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మంది ఆరోగ్యవంతులకు సిలోసైబిన్ ఇచ్చింది. ముందు ఎన్నో గంటల సంభాషణ, ఇంటి హాలు లాంటి గది, కళ్లకు గంతలు, సంగీతం, పక్కన శిక్షణ పొందిన మనుషులు ఉన్నా, మూడోవంతు దాకా ఏదో ఒక దశలో తీవ్రంగా భయపడ్డారు. ఆ భయం అక్కడే ఆగిపోకుండా దాటించడమే పరిసరం చేసే మేలు. సైకోసిస్ చరిత్ర కుటుంబంలో ఉన్నవారికి మాత్రం ఎంత చక్కని గదీ రక్ష కాదు. అందుకే అలాంటి వాళ్లను ఈ ప్రయోగాల్లోకి మొదటే తీసుకోరు.

ఇక్కడ మనకు మనమే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. చికిత్స ఫలిస్తే మందు గొప్పదనీ, ఫలించకపోతే గది మంచిది కాదనీ అంటూ పోతే ఆ వాదాన్ని ఎవరూ ఎన్నటికీ కాదనలేరు. కాదనడానికి వీల్లేని మాట శాస్త్రం కాదు. సస్కాచెవాన్‌తో పోలిస్తే టొరంటో ప్రయోగంలో మోతాదు, తయారీ, బెల్టు, తోడు అన్నీ ఒకేసారి మారాయి కాబట్టి, దేనివల్ల ఏం జరిగిందో అది చెప్పలేదు. సస్కాచెవాన్‌లోనూ మేలు మందుదా, రోజంతా పక్కన కూర్చున్న మనిషిదా తేలలేదు. 2012లో క్రెబ్స్, యోహాన్సెన్ టొరంటోతో సహా ఆరు ప్రయోగాలను, 536 మందిని కలిపి లెక్కకట్టారు. మెరుగైనవాళ్లు ఎల్‌ఎస్‌డి వర్గంలో 59 శాతం, పోలిక వర్గంలో 38 శాతం. ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలబడలేదు. మందుకు బలం ఉందనీ, ఆ బలాన్ని నిలబెట్టేది మరొకటి కావాలనీ దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటున్నాను.

మన దేశంలో 1985 నాటి చట్టం ప్రకారం ఎల్‌ఎస్‌డి, సిలోసైబిన్ నిషిద్ధాలు. కానీ కెటమిన్ మన శస్త్రచికిత్స గదుల్లో మామూలుగా వాడే మత్తుమందే. తెలివి వచ్చే వేళ కొందరు రోగులు వింత దృశ్యాలు చూసి బెదిరిపోతారు. ఆ బెదురు దగ్గరా మనఃస్థితి, పరిసరం ప్రశ్నే ఎదురవుతుంది కాబట్టి సెట్, సెట్టింగ్ మనకు పరాయి సంగతి కాదు.

అందుచేత ఈ సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. ఇకపై మన సదస్సుకు వచ్చే ప్రతి పత్రమూ మోతాదుతో పాటు నాలుగు వివరాలు రాయాలి: రోగికి ముందుగా ఏం చెప్పారు, పక్కన ఎవరు ఎంతసేపు ఉన్నారు, గదిలో వెలుగు, శబ్దం ఎలా ఉన్నాయి, రోగి భయపడితే ఏం చేశారు. వీలైనచోట మందును మార్చకుండా వీటిలో ఒక్కదాన్నే మార్చి చూడాలి. కెటమిన్‌తో ఆ పని మన ఆసుపత్రుల్లో చట్టబద్ధంగా, రోగి అంగీకారంతో రేపే మొదలుపెట్టవచ్చు. ముగింపు సమావేశంలో మీరు దీన్ని చర్చించి తీర్మానంగా ఆమోదించాలని కోరుతూ, మొదటి పత్ర సమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.