ఆలస్యానికి క్షమాపణ, మా లెక్క
(సమాఖ్య వార్షికోత్సవ సభలో మాస్తి ఆన్‌లైన్ చీరల అంగడి తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మాది మాలూరు తాలూకా మాస్తిలో చిన్న అంగడి. ఆరు మగ్గాల మీద నేసిన పట్టుచీరలు ఫోన్‌లో చూపించి అమ్ముతాం. ఈసారి వినాయక చవితి తరువాత 41 చీరలకు డబ్బు తీసుకున్నాం. పదిహేను రోజుల్లో పంపుతామని రాసినాం. పంపలేదు. అందుకు మొదట క్షమాపణ. ఇది కొరియర్ వాళ్ల తప్పు కాదు. పార్సిల్ ఇక్కడ బయలుదేరినాక నాలుగైదు రోజుల్లోనే చేరింది. తప్పు మా లెక్కలో ఉంది.

మీలో మగ్గం ఎక్కిన వారికి ఇది తెలిసిందే. కొనేవారు ఒక్క చీర అడుగుతారు, మగ్గం మాత్రం ఒక పడుగు ఇస్తుంది. మా పడుగుకు మూడు చీరలు. రవికె గుడ్డతో కలిపి చీర ఆరు మీటర్ల పైచిలుకు, అంటే పడుగు సుమారు ఇరవై మీటర్లు. పట్టుకు జిగురు తీసి రంగు అద్ది నీడన ఆరబెట్టడానికి నాలుగు రోజులు, పడుగు పోయడానికి రెండు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి అతకడానికి ఇంకో రెండు. ఆ తరువాత చీరకు ఐదు రోజులు. మొదటి చీర ఐదో రోజే పూర్తయినా, నడుమ కోస్తే మళ్లీ ముడివేసి బిగించాల, పట్టు వృథా, పూట వృథా. అందుకే మూడూ అయినాకనే కోస్తారు.

ఇప్పుడు మా 41 చీరలు చూడండి. పద్నాలుగు పడుగులు. ఆరు మగ్గాలకు పంచితే నాలుగింటికి రెండేసి, రెండింటికి మూడేసి. ముందటి పడుగు నేస్తుండగానే తరువాతి దానికి రంగు, పోత చేసుకోవచ్చు. అయినా అతకడానికి, నేయడానికి పడుగుకు 17 రోజులు. మూడు పడుగులకు 51. మొదటి పడుగు తయారీకి ఆరు కలిపితే 57. ఒక్క వాన చుక్క పడకపోయినా 57 రోజులు పట్టే పనికి మేము పదిహేను రాసినాం. కాగితం మీద ఐదు నిమిషాల లెక్క. చేయలేదు.

ఆపైన వానలు పడినాయి. గుంట మగ్గాల్లోకి నీరు ఊరి కాలు పెట్టే వీలు లేకపోయింది. జాకార్డు అట్టలు తేమకు ఉబ్బి సూదులు సరిగా దూరలేదు, అంచులో పువ్వు తప్పింది. రంగు వేసిన పట్టు రెండు రోజుల్లో ఆరేది ఐదు రోజులు తీసుకుంది. ఇది వాన చేసింది. కానీ వాన ప్రతి ఏడూ వస్తుంది కదా.

అన్నిటికంటే పెద్ద తప్పు, అడిగితే "రెండు రోజుల్లో" అని చెప్పడం. ఒక అమ్మ కూతురు పెళ్లికి ముదురాకు పచ్చ చీర చెప్పింది. మూడుసార్లు ఫోన్ చేసింది, మూడుసార్లూ అదే మాట చెప్పినాం. మొదటిసారే నిజం చెప్పింటే ఆమె వేరే చోట నిదానంగా కొనుక్కునేది. ముహూర్తానికి రెండు రోజుల ముందు పరుగెత్తి కొనింది. ఆమె డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చినాం. ఆ తొందర మాత్రం వాపసు ఇవ్వలేము.

నేటికి 29 చీరలు చేరినాయి, ఏడుగురికి డబ్బు తిరిగి ఇచ్చినాం, ఐదు మగ్గం మీద ఉన్నాయి. ఆ ఐదూ డిసెంబరు 20 లోగా బయలుదేరుతాయి. వద్దనుకున్నవారు చెప్తే డబ్బు వాపసు. వద్దన్న ఏడు చీరల నష్టం అంగడిదే. నేసినవారి కూలిలో రూపాయి తగ్గించలేదు. తేదీ రాసింది మేము, వాళ్లు కాదు.

ఇకమీదట నేసి మడత పెట్టిన చీరకే "సిద్ధం" అని రాస్తాం. నేస్తున్న దానికి "మగ్గం మీద" అని రాసి, పడుగు ముగిసే రోజుకు వారం కలిపి తేదీ ఇస్తాం. ఇంకా పడుగు పోయనిదానికి పూర్తి డబ్బు తీసుకోము, పావు వంతు మాత్రమే. ప్రతి శనివారం మగ్గం ఫోటోతో ఒక మెసేజ్. పని కదలకపోతే కదలలేదనే రాస్తాం.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాల, నెలలోపు పరిష్కరించాల. మా ఇంట్లో ఒకరిని దానికే పెట్టినాం.

ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే మన పిల్లలకు ఒకటే మాట. తేదీ రాసే ముందు మగ్గం దగ్గరికి పోయి, పడుగు ఎంత మిగిలిందో చూసి రండి.

ఎదురుచూసిన వారందరికీ మరొక్కసారి క్షమాపణ. సెలవు.