వెయ్యి బీడీల కూలి: లెక్క మనమే చూసుకోవాలె



మన సిరికొండల బీడీలు చుట్టే చేతులు చాలా ఉన్నయి. కమీషన్‌దారు ఎంత ఇస్తే అంత తీసుకొని వస్తున్నం. నేను గూడ చాలా ఏండ్లు అట్లనే తెచ్చుకున్న. ప్రభుత్వం కనీస కూలి నిర్ణయిస్తదని నాకు ఆలస్యంగా తెలిసింది.

రోజుకూలి పనుల్లో నైపుణ్యం లేని, కొంత నైపుణ్యం, పూర్తి నైపుణ్యం అని తరగతులుంటయి. తరగతి చేసే పనిని బట్టి, మనిషిని బట్టి కాదు. ఆడమనిషని తక్కువ తరగతిల వేయరాదు. బీడీ చుట్టుడుకు మాత్రం వెయ్యికి ఇంత అని రేటు ఉంటది. అందుల అసలు కూలి, కరువు భత్యం రెండూ కలుస్తయి. భత్యం ఏప్రిల్‌ల, అక్టోబర్‌ల మారుతది. ఆ రెండు నెలల్లో కొత్త రేటు కార్మిక శాఖ ఆఫీసుల అడిగి రాసుకోవాలె.

ఒక లెక్క చూద్దాం. అంకెలు అసలు రేటు కావు, నేర్చుకునేందుకే. ప్రకటించిన రేటు వెయ్యికి 200, మీకిచ్చింది 180 అనుకోండి. నెలకు 15 వేలు చుడితే 300 రూపాయలు తక్కువ. తునికాకు చాలక, బజార్ల 400 పెట్టి కొన్నరనుకోండి. రేటు మన చేతిపనికి. ఆకు ఇచ్చే బాధ్యత వాళ్లది. అంటే ఆ నెల మనం పోగొట్టుకున్నది 700. రేటు సరిగ్గనే ఉన్నా, ఆకుల కోత దాగి ఉంటది. అందుకే ఆకు, తంబాకు ఎంత ఇచ్చిండ్రు, ఎన్ని బీడీలు తీసుకున్నరు, ఎన్ని పక్కన పెట్టిండ్రు, అన్నీ తేదీతో సహా రాయాలె.

"నువ్వే ఒప్పుకున్నవు గద" అంటరు. ఆ ఒప్పందం చెల్లదు. 1948 కనీస వేతనాల చట్టంల ఇట్లనే ఉండె, 2019 వేతనాల కోడ్‌ల గూడ ఉంది. పాత చట్టంల ఆర్నెల్ల లోపల దరఖాస్తు పెట్టాల్సి ఉండె. 2025 నవంబర్ 21న అమలైన కోడ్‌ల మూడేండ్ల గడువు ఉంది. పదిమంది కలిసి ఒకటే దరఖాస్తు పెట్టవచ్చు, రిజిస్టరైన యూనియన్ గూడ పెట్టవచ్చు. కూలి ఇచ్చినమని రుజువు చేసుకోవలసింది యజమాని. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇయ్యమని అధికారి చెప్పవచ్చు.

అయితే చిక్కు ఎక్కడంటే, వాళ్ల పని మనమే చేసినమని ముందు మనం చూపాలె. కమీషన్‌దారు రిజిస్టర్ల పేరు లేకుంటే, పేరు వేరేవాళ్లది ఉంటే, దరఖాస్తు అక్కడనే ఆగుతది. కాబట్టి పాస్‌బుక్కు, పీఎఫ్ చీటీ, గుర్తింపు కార్డుల పేరు సరిచూసుకోండి. ఒక్కతే పోతే పని ఆపుతరని భయముంటది, అది ఉత్తుత్తి భయం కాదు. ఒకే కమీషన్‌దారు దగ్గర పనిచేసేటోళ్లు కలిసి సంతకాలు పెట్టి పోతే, ఒక్కదాన్ని పక్కకు పెట్టుడు వాళ్లకు కష్టం.

వచ్చే నెల సంఘం మీటింగుకు పొదుపు పుస్తకంతో పాటు బీడీల పుస్తకం గూడ తెచ్చుకోండి. ఇద్దరిద్దరు కూసొని లెక్క చూద్దాం.