ఎండకో టైరు, మంచుకో టైరు

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నుంచి చలికాలంలో లేక్ టాహోకు వెళ్లే ఒక దారిలో, దాదాపు 2,200 మీటర్ల ఎత్తున్న డోనర్ కనుమను మంచులో దాటాలి. మరి కారుకు ఏ టైర్లు వేయించాలి?

ప్రధానమైన తేడా రబ్బరులో ఉంది. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల లోపు చలికి బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది కానీ, మండే రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది. ఆల్ సీజన్ టైరు ఈ రెండింటికీ మధ్యస్థం.

ఏడాదికి రెండు మూడుసార్లే కొండెక్కేవారికి ఆల్ సీజన్ చాలు. అయితే టైరు పక్కభాగంలో ఉండే M+S అక్షరాలతో తృప్తిపడకండి. అవి గాడుల అమరికను మాత్రమే చెబుతాయి. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు చూడండి. మంచులో బండిని ముందుకు లాగగలదని పరీక్షించిన టైరుకే అది వేస్తారు. బ్రేకు, మలుపుల సంగతి మాత్రం ఆ పరీక్ష తేల్చదు. కాబట్టి వేగం తగ్గించాల్సిందే.

వారం వారం వెళ్లేవారు చలికాలపు టైర్లు విడి రిమ్ములకు బిగించి ఉంచుకుంటే, చలి మొదలవగానే నాలుగూ మార్చుకోవచ్చు.

ఏ టైరున్నా డిక్కీలో మంచు గొలుసులు ఉండాలి. గొలుసుల నిబంధన అమల్లో ఉన్న దారిలో, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కూడా వాటిని వెంట తీసుకెళ్లాల్సిందే.