బ్యాటరీ అయిపోతే ఈ వాల్వ్ మూసుకోదు



పెరట్లో కూరగాయలకు డ్రిప్ వేసి, బ్యాటరీ టైమర్ పెట్టుకునేవాళ్లు ఒక తేడా తెలుసుకోవాలి.

మామూలు సోలినాయిడ్ వాల్వ్ కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉంటుంది. కరెంటు పోతే లోపలి స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. అంటే నీళ్లు పారినంతసేపూ కాయిల్ కరెంటు తింటూనే ఉంటుంది. 0.2 ఆంపియర్లు తీసుకునే కాయిల్‌ను 500 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ నడపాలంటే, లెక్క ప్రకారం రెండున్నర గంటలకే ఖాళీ.

లాచింగ్ వాల్వ్‌లో చిన్న శాశ్వత అయస్కాంతం ఉంటుంది. టైమర్ సెకనులో పదోవంతు కూడా లేని ఒక్క విద్యుత్ దెబ్బ కొడితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత దాన్ని పట్టి ఉంచేది అయస్కాంతమే, కరెంటు అక్కర్లేదు. మూయాలంటే ప్లస్, మైనస్ తిరగేసి మరో దెబ్బ కొట్టాలి. అందుకే చిన్న బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. తెరిచి ఉండగా బ్యాటరీ చచ్చిపోతే మూసే దెబ్బ పడదు. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కొన్ని టైమర్లు బ్యాటరీ తగ్గగానే ముందే మూసేస్తాయి, కొన్ని మూయవు. కొనేటప్పుడే అడగండి. ఊరెళ్లేటప్పుడు చేతి వాల్వ్ కట్టేసి వెళ్లండి.

బిగించాక ఒకసారి తెరిచి, మూసి చూడండి. రెండుసార్లూ 'టక్' మని వినిపించాలి. మూయమంటే నీళ్లు వస్తున్నాయా? రెండు వైర్లూ తారుమారయ్యాయన్నమాట. మార్చి కలపండి.