పదోన్నతి దేనికి సాక్ష్యం?



ఆరేళ్లలో మూడు కంపెనీలు మారిన మా మనవడు చాపాడు వచ్చినప్పుడు, "ఒకే శాఖలో ఏం ఎదిగినావు తాతా?" అన్నాడు.

2010 పీఆర్సీలో 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు ఇచ్చారు. అప్పుడు జీతం పెరుగుతుంది, కుర్చీ మారదు. అది సర్వీసుకు సాక్ష్యమే, ఎదుగుదలకు కాదు. జూనియర్ అసిస్టెంటుగా నేను ఫైలు రాసేవాణ్ణి. డిప్యూటీ తహశీల్దారునయ్యాక ఇతరులు రాసిన ఫైలులో తప్పు పట్టుకోవలసి వచ్చింది. పని మారింది, అదే సాక్ష్యం. అయితే పదోన్నతికి శాఖాపరీక్షలతో పాటు ఖాళీ, సీనియారిటీ కూడా కావాలి. కనుక ఖాళీ లేక ఆగినవారిని ఎదగలేదనరాదు.

"కంపెనీ మారినప్పుడల్లా నీ పని మారిందా?" అని అడిగాను.

"రెండుసార్లు హోదా పేరే మారింది తాతా" అన్నాడు.